ఘాట్ మీది కెమెరాను ఎప్పుడు చదవాలి?

2006 జనవరి 12న మక్కా దగ్గరి మినాలో, జమరాత్ వంతెన ఎక్కే దారిలో తొక్కిసలాట జరిగింది. 340 మందికి పైగా హజ్ యాత్రికులు చనిపోయారు. ఆ దారిని చూస్తూ ఒక కెమెరా ఉంది. ప్రమాదానికి ముందు జనం ఎలా కదిలారో అందులో రికార్డయింది. డిర్క్ హెల్బింగ్, ఆండర్స్ యోహాన్సన్ అనే పరిశోధకులు సౌదీ నిపుణుడు హబీబ్ అల్ అబిదీన్‌తో కలిసి ఆ వీడియోను తర్వాత కంప్యూటర్ సాయంతో పరిశీలించి, 2007లో ఫలితాలు ప్రచురించారు.

వాళ్లు చూసింది ఇదీ. ఉదయం 11 గంటల 53 నిమిషాల దాకా జనం సాఫీగా నడుస్తున్నారు. అప్పుడు ఉన్నట్టుండి నడక ఆగి ఆగి సాగడం మొదలైంది. ముందువాళ్లు ఆగితే ఆ ఆగడం అలలా వెనక్కి పాకుతోంది. 12 గంటల 19 నిమిషాలకు రెండో మార్పు వచ్చింది. జనం ఒక దిక్కుకు కాకుండా, ఎటు నుంచి ఒత్తిడి వస్తే అటు విసిరేసినట్టు కదలసాగారు. ఆ దశలో మనిషి కాళ్లు అతని మాట వినవు. మొదటి మార్పుకూ రెండో మార్పుకూ మధ్య 26 నిమిషాలున్నాయి.

ఈ అంకె చూడగానే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ఆ వీడియోను అప్పటికప్పుడే చదివి ఉంటే? సగం నిజమే. 26 నిమిషాల్లో గేటు మూయవచ్చు, దారి మళ్లించవచ్చు. కానీ ఏ గుర్తు కోసం వెతకాలో ఆ రోజు ఎవరికీ తెలియదు. ఆగి ఆగి సాగే నడక ప్రమాదానికి ముందుగుర్తు అని తెలిసిందే రికార్డింగును పరిశీలించిన తర్వాత. లైవ్‌లో చూడాలా, అయిపోయాక చూడాలా అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. దేని కోసం చూస్తున్నామో తెలిసి, కనపడగానే చేయగలిగే పని ఒకటుంటే లైవ్‌లో చూడాలి. మిగిలినదంతా తర్వాత చూసుకోవచ్చు, తర్వాత చూస్తేనే మేలు కూడా.

మనకు ఈ లెక్క పరాయిది కాదు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజునే, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. పన్నెండేళ్లకోసారి వచ్చే ఆ పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. ఘాట్ల మీద కెమెరాలు ఎలాగూ పెడతారు. వాటి నుంచి వచ్చే వీడియోతో ఏం చేయాలన్నదే అసలు విషయం.

ఒక ఊహా ఘాట్‌ను తీసుకుని లెక్క వేద్దాం. ఇవి ఏ ఒక్క ఘాట్ కొలతలూ కావు, లెక్క తేలికగా సాగడానికి పెట్టుకున్నవి. రోడ్డు నుంచి మెట్ల దాకా 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న దారి. అంటే 300 చదరపు మీటర్లు. లోపలికి వచ్చే గేటు వెడల్పు 3 మీటర్లు. స్టేడియాల భద్రత కోసం బ్రిటన్‌లో వాడే గ్రీన్ గైడ్ ప్రకారం, సమతలం మీద ఒక మీటరు వెడల్పు గుండా నిమిషానికి 82 మంది నడవగలరు. మన గేటుకు అది 246 అవుతుంది. 240 అనుకుందాం, అంటే సెకనుకు నలుగురు.

ఇక ఎంత జనం ఉంటే ప్రమాదం? చదరపు మీటరుకు నలుగురుంటే ఇరుకు, కానీ మనిషి తన అడుగు తాను వేయగలడు. చదరపు మీటరుకు ఏడుగురి దగ్గరికి వచ్చేసరికి గుంపు దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తుందని అమెరికన్ ఇంజినీర్ జాన్ ఫ్రుయిన్ రాశాడు. మనం 6 దాటనీయకూడదని గీత గీసుకుందాం. 300 చదరపు మీటర్లలో నలుగురి చొప్పున ఉంటే 1,200 మంది, ఆరుగురి చొప్పున ఉంటే 1,800 మంది. తేడా 600.

మామూలు సమయంలో నిమిషానికి 240 మంది వస్తూ 180 మంది బయటికి పోతుంటే, నికరంగా 60 మంది పెరుగుతారు. 600 నిండడానికి 10 నిమిషాలు. అదే బయటికి పోయే దారి మూసుకుపోతే, మెట్ల మీద ఎవరో జారి పడి వెనకవాళ్లు ఆగిపోతే, 600 మంది రెండున్నర నిమిషాల్లో నిండిపోతారు. మన దగ్గరున్న గడువు 10 నిమిషాలు కాదు, 150 సెకన్లు. ఇంత గడువులో పని జరగాలంటే లైవ్‌లో చూడడం తప్ప దారి లేదు. జనసాంద్రత విషయంలో అందుకే వాదన అనవసరం. ఎంత తరచుగా చూడాలి, ఎంత ఆలస్యాన్ని భరించగలం అన్నవే తేల్చుకోవాలి.

కెమెరా సెకనుకు 25 ఫ్రేమ్‌లు పంపుతుంది. రోజుకు 21 లక్షల 60 వేలు. ఇలాంటి కెమెరాలు 50 ఉంటే సెకనుకు 1,250 ఫ్రేమ్‌లు. ఒక ఫ్రేమ్‌లో తలలు గుర్తించి లెక్కపెట్టడానికి ఒక గ్రాఫిక్స్ కార్డుకు 40 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఒక కార్డు సెకనుకు 25 ఫ్రేమ్‌లే చూడగలదు. అంటే అన్నీ చూడాలంటే కెమెరాకో కార్డు చొప్పున 50 కార్డులు. ఇంత అవసరమా అంటే, తలల లెక్కకు ఏమాత్రం అవసరం లేదు. గేటు పూర్తిగా తెరిచి ఉండి బయటి దారి పూర్తిగా మూసుకుపోయినా 5 సెకన్లలో పెరిగేది 20 మంది. 300 చదరపు మీటర్ల మీద అది 0.07 మాత్రమే. 5 సెకన్లకు ఒక ఫ్రేమ్ చూస్తే చాలు, మధ్యలోని 124 ఫ్రేమ్‌లు కొత్తగా చెప్పేదేమీ లేదు.

అయితే మినా పాఠం తలల లెక్క ఒక్కటే కాదు. నడక ఎలా ఉందో కూడా తెలియాలి. ఇక్కడ 5 సెకన్లకో ఫ్రేమ్ పనికిరాదు. చదరపు మీటరుకు నలుగురున్నప్పుడు తలకూ తలకూ మధ్య దూరం సుమారు అర మీటరు. మనిషి సెకనుకు ఒక మీటరు నడుస్తుంటే 5 సెకన్లలో 5 మీటర్లు పోతాడు, అంటే పది తలలు దాటిపోతాడు. మొదటి ఫ్రేమ్‌లో కనిపించిన తల రెండో ఫ్రేమ్‌లో ఏదో ప్రోగ్రాముకు తెలిసే వీలు లేదు. జతకలపాలంటే రెండు ఫ్రేమ్‌ల మధ్య కదలిక, తలల మధ్య దూరంలో సగం కంటే, అంటే 25 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి. 0.2 సెకన్లలో మనిషి కదిలేది 20 సెంటీమీటర్లు. అంటే నడక వేగం కొలవడానికి సెకనుకు 5 ఫ్రేమ్‌లు కావాలి.

ఒక ప్రశ్నకు 5 సెకన్లకో ఫ్రేమ్ చాలు, ఇంకో ప్రశ్నకు సెకనుకు 5 కావాలి. పాతిక రెట్ల తేడా. దీనికి మధ్యే మార్గం ఫ్రేమ్‌లను సమానంగా పరచకుండా గుత్తులుగా తీసుకోవడం. ప్రతి 5 సెకన్లకు ఒకసారి, 0.2 సెకన్ల ఎడంతో 5 ఫ్రేమ్‌లు తీసి, మిగతా నాలుగు సెకన్లు వదిలేయాలి. గుత్తి లోపల వేగం తెలుస్తుంది, గుత్తికీ గుత్తికీ మధ్య మార్పు తెలుస్తుంది. సగటున సెకనుకు ఒక్క ఫ్రేమ్ ఖర్చు. 50 కెమెరాలకు సెకనుకు 50 ఫ్రేమ్‌లు, లెక్క ప్రకారం రెండు కార్డులు, ఊపిరి ఆడాలి కాబట్టి మూడు. రికార్డయిన వీడియో మీద ఇదే పద్ధతిని ప్రయత్నించి చూడాలంటే ఆదేశం ఇంతే:

```
ffmpeg -i ghat.mp4 -vf "fps=5,select='lt(mod(n,25),5)'" -fps_mode vfr g_%06d.jpg
```

ముందు సెకనుకు 5 ఫ్రేమ్‌లకు తగ్గించి, ఆపై ప్రతి 25లో మొదటి ఐదింటిని ఉంచుకుంటుంది. ఒక విషయం గుర్తుంచుకోవాలి. వీడియోలో ప్రతి ఫ్రేమ్ పూర్తి బొమ్మ కాదు. రెండు సెకన్లకో, నాలుగు సెకన్లకో ఒక పూర్తి బొమ్మ వస్తే, మధ్యవన్నీ తమ ముందువాటితో పోల్చి మారినదే దాచుకుంటాయి. అందుకే నాలుగు సెకన్లు వదిలేశామన్నా, వాటిని విప్పే పని మాత్రం కంప్యూటరుకు తప్పదు. తలలు లెక్కపెట్టే ఖర్చు ముందు విప్పే ఖర్చు చిన్నది కాబట్టి పర్వాలేదు.

5 సెకన్లు అన్నది ఎక్కడి నుంచి వచ్చింది, 30 ఎందుకు కాకూడదు? ఆగి సాగే అల 40 సెకన్లకు ఒకసారి వస్తుందనుకుందాం. మనం కూడా 40 సెకన్లకోసారి చూస్తే ప్రతిసారీ అల ఒకే దశలో దొరుకుతుంది, నడక ఎప్పుడూ ఒకేలా ఉందనిపిస్తుంది. రోజూ అర్ధరాత్రి మాత్రమే కిటికీ తీసి చూసేవాడికి సూర్యుడే లేడనిపించినట్టు. 30 సెకన్లకోసారి చూస్తే ఇంకో రకం మోసం: 40 సెకన్ల అల 120 సెకన్ల అలలా, చాలా మందకొడిగా కనిపిస్తుంది. అల కాలంలో సగం కంటే తక్కువ ఎడంతో, అంటే 20 సెకన్ల లోపు చూస్తేనే అల ఉందని తెలుస్తుంది. ఆకారం కూడా తెలియాలంటే ఇంకా దగ్గరగా చూడాలి. 5 సెకన్లకైతే ఒక్కో అల మీద ఎనిమిది చూపులు పడతాయి.

అయినా ఒక్క అల చూసి అలారం మోగించలేం. రథం కోసమో, వీఐపీ కారు కోసమో ఒకసారి జనాన్ని ఆపి వదిలినా అలాగే కనిపిస్తుంది. రెండు మూడు అలలు చూడాలి, అంటే 80 నుంచి 120 సెకన్లు. ఈ ఆలస్యాన్ని ఎంత ఖరీదైన కంప్యూటరు కొన్నా తగ్గించలేం, ఎందుకంటే అది యంత్రానిది కాదు, గుర్తుది. మినాలో ఉన్నట్టు 26 నిమిషాల వ్యవధి ఉంటే రెండు నిమిషాలు ఆగడం ఏమీ కాదు. మెట్ల మీద అడ్డుపడి 150 సెకన్లే ఉన్నప్పుడు ఈ గుర్తును నమ్ముకోలేం, అక్కడ తలల లెక్కే దిక్కు. ఒకే వీడియోలో రెండు గుర్తులు, రెండు గడువులు.

ఇప్పుడు ఆలస్యం ఎక్కడెక్కడ ఉందో కూడదాం. స్థానిక నెట్‌వర్క్ మీద కెమెరా నుంచి నేరుగా సర్వర్‌కు బొమ్మ రావడానికి 2 సెకన్లు. తర్వాతి గుత్తి దాకా ఆగడం అత్యధికంగా 5. లెక్కించడానికి 1. ఒక్క కొలతనే నమ్మకుండా మూడు వరుస కొలతలు గీత దాటాలంటే మరో 10. కంట్రోల్ రూంలో మనిషి తెర వైపు చూసి నిర్ధారించుకోవడానికి 40. వాకీటాకీలో చెప్పి, గేటు నిజంగా మూతపడడానికి 60. మొత్తం 118 సెకన్లు.

ఈ 118 సెకన్లలో బయటి దారి మూసుకుపోయి ఉంటే, సెకనుకు నలుగురి చొప్పున 472 మంది లోపలికి వస్తారు. చదరపు మీటరుకు 1.57 పెరుగుతుంది. గీత 6 కాబట్టి అలారం 4.43 దగ్గర మోగినా సరిపోవాలి. కానీ గుంపు చిక్కబడేకొద్దీ ఒకరి తల వెనుక ఇంకొకరి తల దాగిపోతుంది, ప్రోగ్రాము తక్కువ లెక్కపెడుతుంది. 20 శాతం తక్కువ చూపిస్తుందనుకుంటే, తెర మీద 4 అంటే నిజానికి 5. దానికి 1.57 కలిపితే 6.57, గీత దాటిపోయాం. తెర మీద 3.5 దగ్గరే అలారం పెడితే నిజం 4.38, గేటు మూతపడేసరికి 5.95. బొటాబొటిగా లోపలే ఉంటాం.

చాలా చోట్ల కెమెరా వీడియోను భక్తులు ఇళ్ల నుంచి చూసే లైవ్ ప్రసారంగానూ పంపుతారు, విశ్లేషణకూ దాన్నే వాడేద్దామనుకుంటారు. హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో వచ్చే ప్రసారం సాధారణంగా 6 సెకన్ల ముక్కలుగా వస్తుంది, చూసే సాఫ్ట్‌వేర్ మూడు ముక్కలు వెనక నుంచి మొదలుపెడుతుంది. 18 సెకన్లు అక్కడే పోయాయి. మోసుకొచ్చే సమయం 2 బదులు 20 అనుకుంటే మొత్తం 136 సెకన్లు, లోపలికి వచ్చేవాళ్లు 544, పెరుగుదల 1.81. తెర మీద 3.5 గీతతో ఇప్పుడు 6.19కి చేరతాం. ఇంట్లో కూర్చుని హారతి చూసేవాళ్లకు 20 సెకన్లు లెక్కలోకి రావు. ఇక్కడ మాత్రం గీతను 3.3కి దింపితే తప్ప ఆ వీడియో వాడకూడదు.

కానీ నా లెక్కలో అంతకంటే పెద్ద అంకె ఇంకొకటుంది. 118లో 100 సెకన్లు మనుషులవి. ఆ వంద సెకన్లలో వచ్చేవాళ్లు 400 మంది, చదరపు మీటరుకు 1.33. ముక్కల ప్రసారం తినేసే 18 సెకన్ల విలువ 0.24 మాత్రమే. కంట్రోల్ రూం నిర్ధారణ 40 సెకన్ల నుంచి 10కి తగ్గితే, నెట్‌వర్కులో చేయగలిగే ఏ మార్పు కంటే ఎక్కువ కలిసివస్తుంది. అంటే గేటు దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్‌కు, అలారం మోగగానే పైవాళ్లను అడగకుండా గేటు మూసే అధికారం ముందే ఇవ్వాలి. ఆ అధికారం ఇవ్వని చోట సెకను లోపు ఆలస్యంతో పనిచేసే వ్యవస్థ కొనడం డబ్బు గంగలో పోయడమే.

లైవ్ విశ్లేషణ ఎలా చెడిపోతుందో తెలియకపోతే అది లేకపోవడం కంటే ప్రమాదం. అందులో రెండు సంగతులు వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది వెనకబడడం. 25 ఫ్రేమ్‌లూ చూడాల్సిందేనని ఎవరో పట్టుబట్టి, ఒక్కో ఫ్రేమ్‌కు 40 బదులు 50 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి. తేడా పది మిల్లీసెకన్లే కదా అనిపిస్తుంది. గంటలో వచ్చేవి 90 వేల ఫ్రేమ్‌లు, వాటిని చూడడానికి పట్టేది 75 నిమిషాలు. గంట గడిచేసరికి తెర మీద కనిపించేది 12 నిమిషాల కిందటి ఘాట్. బొమ్మ కదులుతూనే ఉంటుంది, అంకెలు మారుతూనే ఉంటాయి, చూసేవాడికి అనుమానమే రాదు. ఇంకా చెడ్డ సంగతేమిటంటే, తలలను జతకలిపే పని తలల సంఖ్యతో పాటు పెరుగుతుంది. ఘాట్ ఖాళీగా ఉన్న ఉదయం పరీక్షించినప్పుడు 30 మిల్లీసెకన్లలో అయిన పని, కిక్కిరిసినప్పుడు 50 తీసుకోవచ్చు. అంటే ఏ గంటలో మనకు అవసరమో సరిగ్గా ఆ గంటలోనే వెనకబడుతుంది. కనిపెట్టడం తేలికే: కెమెరా బొమ్మ మీద వేసిన సమయాన్నీ గోడ గడియారాన్నీ పోల్చి, ఆ తేడాను తెర మీద పెద్ద అంకెల్లో ఎప్పుడూ చూపించాలి. తేడా 10 సెకన్లు దాటితే అదే ఒక అలారం. ఆలస్యమైన ఫ్రేమ్‌లను వరుసలో నిలబెట్టకుండా పారేసి, తాజాది మాత్రమే చూసేలా ప్రోగ్రాము రాయాలి. పారేసినవి ఎలాగూ రికార్డింగులో ఉంటాయి.

రెండోది గడియారం తప్పు. మొబైల్ నెట్‌వర్క్ మీద ఫ్రేమ్‌లు కొంతసేపు ఆగి, తర్వాత గుంపుగా వచ్చి పడతాయి. 0.2 సెకన్ల ఎడంతో తీసిన రెండు ఫ్రేమ్‌లు 0.05 సెకన్ల తేడాతో సర్వర్‌కు చేరాయనుకోండి. చేరిన సమయాన్ని బట్టి వేగం కడితే, 20 సెంటీమీటర్లు కదిలిన మనిషి సెకనుకు ఒక మీటరు కాదు, నాలుగు మీటర్లు నడిచినట్టు లెక్క వస్తుంది. కిక్కిరిసిన ఘాట్‌లో జనం పరుగెడుతున్నట్టు! హెల్బింగ్ బృందం గుంపు ఒత్తిడి అని పిలిచిన కొలత, సాంద్రతను వేగాల హెచ్చుతగ్గులతో గుణిస్తే వచ్చేది. నెట్‌వర్క్ కుదుపు ఆ హెచ్చుతగ్గులను పెంచేసి లేని ప్రమాదాన్ని చూపిస్తుంది. నిజమైన కల్లోలం దారిలో ఒక చోట మొదలై పాకుతుంది, నెట్‌వర్క్ కుదుపు బొమ్మంతా ఒకేసారి, ఒకే నిష్పత్తిలో కనిపిస్తుంది. అలా తేడా పట్టుకోవచ్చు. అసలు మందు మాత్రం ఫ్రేమ్ చేరిన సమయాన్ని కాక, కెమెరా దాని మీద వేసిన సమయాన్నే లెక్కలోకి తీసుకోవడం.

దొంగ అలారాల సంగతి కొంచెం చూద్దాం. 5 సెకన్లకోసారి అంటే కెమెరాకు రోజుకు 17,280 కొలతలు, 50 కెమెరాలకు 8 లక్షల 64 వేలు. వెయ్యికి ఒక్కటి తప్పినా రోజుకు 864 దొంగ అలారాలు. రెండో రోజుకే కంట్రోల్ రూంలో శబ్దం కట్టేస్తారు. మూడు వరుస కొలతలు అడగడం అందుకే. కాగితం మీద అది తప్పును వెయ్యికి ఒకటి నుంచి వంద కోట్లకు ఒకటికి తగ్గించాలి, కానీ తగ్గించదు. వాన పడి గొడుగులు తెరుచుకుంటే ప్రోగ్రాము తప్పు లెక్కపెట్టేది ఒక్కసారి కాదు, గొడుగులు మూసేదాకా. మూడు కొలతలూ ఒకే కారణంతో తప్పుతాయి. నిజంగా ఎన్ని తగ్గుతాయో సూత్రంతో తెలియదు, రికార్డింగు మీద నడిపి చూస్తేనే తెలుస్తుంది.

అలా రికార్డింగు దగ్గరికి వచ్చాం. అయిపోయాక చూడడంలో ఉన్న మొదటి సుఖం తొందర లేకపోవడం కాదు, భవిష్యత్తు తెలిసి ఉండడం. కొలతల్లో ఉండే చిన్న చిన్న ఊగిసలాటలు పోవాలంటే ఒక నిమిషం సగటు తీసుకుంటారు. లైవ్‌లో ఆ నిమిషం వెనకటిదే కావాలి, కాబట్టి సగటు ఎప్పుడూ అర నిమిషం కిందటి సంగతి చెబుతుంది. మన ఘాట్‌లో అర నిమిషం అంటే 120 మంది, చదరపు మీటరుకు 0.4. రికార్డింగులోనైతే అటు అర నిమిషం, ఇటు అర నిమిషం తీసుకుంటారు, ఆలస్యం సున్నా. మినా వీడియోలో మార్పు 11 గంటల 53 నిమిషాలకు మొదలైందని చెప్పినట్టు, అంత కచ్చితంగా చెప్పడానికి ఇలాంటి సౌకర్యం పనికొస్తుంది. లైవ్‌లో చూసేవాడికి అదే మార్పు కొన్ని నిమిషాల తర్వాత కానీ నమ్మకంగా తేలదు.

రెండో సుఖం, రెండు దఫాలుగా చూడగలగడం. 12 రోజులు, 50 కెమెరాలు, ప్రతి ఫ్రేమూ అంటే దాదాపు 130 కోట్ల ఫ్రేమ్‌లు, ఒక కార్డు మీద 600 రోజుల పని. అలా ఎవరూ చేయకూడదు. మొదటి దఫా నిమిషానికి ఒక ఫ్రేమ్ చూస్తే మొత్తం 8 లక్షల 64 వేలు, ఒక్క కార్డు మీద 9 గంటల 36 నిమిషాలు. ఆ దఫాలో సాంద్రత 3 దాటిన గంటలను గుర్తుపెట్టుకుని, రెండో దఫా ఆ గంటలను మాత్రమే 25 ఫ్రేమ్‌లతో చూడాలి. లైవ్‌లో ఏ గంట ముఖ్యమో ముందు తెలియదు కాబట్టి అన్ని గంటలకూ ఒకే రకంగా ఖర్చు పెట్టక తప్పదు. రికార్డింగులో ఖర్చును అవసరమైన చోట కుమ్మరించవచ్చు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. 20 శాతం తక్కువ లెక్కపెడుతుందని పైన ఊహించుకున్నాం, అలారం గీత మొత్తం ఆ ఊహ మీదే నిలబడింది. అది 30 శాతమైతే తెర మీది 3.5 నిజానికి 5, గేటు మూతపడేసరికి 6.57. ఆ అంకె తెలియాలంటే రికార్డింగులోంచి కొన్ని ఫ్రేమ్‌లు తీసి మనుషులు చేత్తో తలలు లెక్కపెట్టాలి. ఇక్కడ కూడా నమూనా ఎలా తీస్తామన్నది ముఖ్యం. గుడ్డిగా 100 ఫ్రేమ్‌లు తీస్తే, ఘాట్ కిక్కిరిసి ఉండేది రోజులో నూటికి ఐదు వంతులే అయినప్పుడు, మనకు కావలసిన రకం ఐదే దొరుకుతాయి. మిగతా 95 ఖాళీ మెట్లు, వాటి మీద ప్రోగ్రాము అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. అందుకే సగం ఫ్రేమ్‌లు రద్దీ గంటల నుంచే తీయాలి, వాటిలో రాత్రి దీపాల వెలుగువీ, వానలో గొడుగులవీ వేరువేరుగా ఉండేలా చూడాలి. ఆ తర్వాత అలారం గీతను 3, 3.5, 4 అని మార్చి మార్చి అదే రికార్డింగు మీద నడిపి, ఒక్కోదానికి ఎన్ని అలారాలు మోగాయో, వాటిలో నిజమైనవి ఎన్నో చూసుకోవాలి. లైవ్‌లో ఒక గీతనే ప్రయత్నించగలం, అదీ ఒక్కసారే.

అయిపోయాక అంటే పన్నెండు రోజులూ అయిపోయాక అని కాదు. స్నానాలు సద్దుమణిగిన రాత్రి వేళ ఆ రోజు రికార్డింగును చూసి, తెల్లవారుజాము రద్దీ లోపు గీత సవరించుకోవచ్చు. మామూలు నాణ్యతలో కెమెరాకు రోజుకు 43 జీబీ, 50 కెమెరాలకు పన్నెండు రోజులకు 26 టీబీ. ఇప్పటి హార్డ్ డిస్కుల ధరల్లో అది సాకు కాదు. కానీ 2015లో ప్రమాదం జరిగింది మొదటి రోజునే. మొదటి రాత్రి నేర్చుకుందామంటే మొదటి ఉదయానికి అందదు.

అందుకే ఈ పని పుష్కరాలకు ముందే జరగాలి. కార్తీక పౌర్ణమికి, శివరాత్రికి అవే ఘాట్ల మీదికి, అవే మెట్ల మీదికి జనం వస్తారు. ఆ రోజుల వీడియో చాలా చోట్ల రికార్డర్లలో పదిహేను రోజులో, నెలో ఉండి, డిస్కు నిండగానే దాని మీద కొత్తది పడి చెరిగిపోతుంది. ఘాట్ కెమెరాలు చూసుకునే అధికారులకు విన్నపం ఒక్కటే: పండగ మర్నాడే ఆ రోజు రికార్డింగును వేరే డిస్కులోకి తీసి దాచండి.